నున్నటి గోడకి ఆనించిన నిచ్చెన జారకుండా ఉండాలంటే కనీస కోణం ఎంత?

ప్రశ్న: 5 మీటర్ల నిచ్చెన, బరువు 15 కేజీలు. గోడ నున్నగా ఉంది, నేలకి ఘర్షణ గుణకం 0.4. నేలతో కనీస కోణం 38.7° అని నాకు వచ్చింది, పుస్తకం వెనకాల 51.3° అని ఉంది. ఎక్కడ పోయింది? 60 కేజీల మనిషి పైదాకా ఎక్కితే ఈ కోణం సరిపోతుందా?

జవాబు:

మీ లెక్క దాదాపు కరెక్టే. 38.7కి 51.3 కలిపితే 90 వస్తుంది చూడండి. మీరు కట్టింది నిచ్చెన గోడతో చేసే కోణం. ఈ లెక్కలో సులువుగా దొర్లే తప్పు ఇది. బొమ్మ గీయగానే నేల దగ్గర θ అని రాసేసుకుంటే ఇక తికమక ఉండదు.

నిచ్చెన మీద బలాలు నాలుగే. మధ్యలో బరువు W కిందికి, నేల నుంచి అభిలంబ ప్రతిచర్య N పైకి, పాదం దగ్గర ఘర్షణ f గోడవైపు, పైకొన దగ్గర గోడ తోపు R అడ్డంగా బయటికి. గోడ నున్నగా ఉంది కాబట్టి అక్కడ ఘర్షణ లేదు. అంటే గోడ నిచ్చెన బరువులో కొంచెం కూడా మొయ్యదు, మొత్తం నేలే మొయ్యాలి: N = W. అడ్డంగా చూస్తే f = R.

టార్క్ పాదం చుట్టూ తీసుకోండి. N, f రెండూ అక్కడే ఉన్నాయి కాబట్టి సమీకరణంలోకి రావు.

R·L·sinθ = W·(L/2)·cosθ

దీన్నుంచి R = W/(2 tanθ). నిచ్చెన ఎంత వాలితే గోడ తోపు అంత పెరుగుతుంది, దాన్ని ఆపాల్సిన ఘర్షణ కూడా అంతే పెరగాలి. కానీ ఘర్షణ μW దాటలేదు. అందుకే tanθ ≥ 1/(2μ) = 1.25, θ = 51.3°. ఇందులో L లేదు, W కూడా లేదు. ఖాళీ నిచ్చెన ఎంత పొడుగైనా, ఎంత బరువైనా జవాబు ఇదే.

ఒక జాగ్రత్త: f = μN అని మొదట్లోనే రాసెయ్యకండి. అది జారబోయే క్షణానికే చెల్లుతుంది. అదే నిచ్చెన 70° దగ్గర ఉంటే tan 70° = 2.75, కావాల్సిన ఘర్షణ 0.18W మాత్రమే. నేల ఇవ్వగలిగింది 0.4W అయినా ఇచ్చేది 0.18W.

ఇక మనిషి సంగతి. బరువు P ఉన్న మనిషి పాదం నుంచి నిచ్చెన వెంట x దూరంలో ఉంటే N = W + P అవుతుంది, షరతు ఇలా మారుతుంది:

tanθ ≥ (W/2 + P·x/L) / (μ(W + P))

పైకొనకి చేరితే పైన 7.5 + 60 = 67.5, కింద 0.4 × 75 = 30. భాగిస్తే 2.25, అంటే 66°. కాబట్టి 51.3° చాలదు. సరిగ్గా సగంలో ఉంటే మళ్లీ 1.25 వస్తుంది. సగం కంటే కింద మనిషి బరువు నిచ్చెనని నేలకి ఇంకా గట్టిగా అదిమి మేలే చేస్తుంది, సగం దాటాక కీడు మొదలవుతుంది. రెండు మెట్లెక్కి ఊపి చూసి గట్టిగానే ఉందనుకోవడం అందుకే పనికిరాని పరీక్ష.

ఉదాహరణకి 60° దగ్గర పెట్టారనుకోండి. 7.5 + 60(x/L) = 1.732 × 30 = 51.96, అంటే x/L = 0.74. మనిషి 3.7 మీటర్ల దాకా హాయిగా వెళ్తాడు, ఆ పై మెట్టు మీద కాలు పెట్టగానే పాదం జారిపోతుంది. ముందుగా హెచ్చరిక ఏమీ ఉండదు. పైగా జారడం మొదలయ్యాక కోణం తగ్గి గోడ తోపు ఇంకా పెరుగుతుంది, కాబట్టి దానంతటది ఆగదు.

పనిచేసేవాళ్లు పాటించే 4:1 లెక్క, అంటే గోడ మీద 4 మీటర్ల ఎత్తుకి పాదం 1 మీటరు ఇవతల, సుమారు 76° ఇస్తుంది. అప్పుడు ఇదే మనిషి పైకొన దగ్గరున్నా గుణకం 0.225 ఉంటే చాలు. అయితే తడి టైల్స్ మీద ఆ మాత్రం కూడా దొరక్కపోవచ్చు. అలాంటిచోట ఇంకొకరు అట్టడుగు మెట్టు మీద నిలబడితే నిజంగానే పనిచేస్తుంది: వాళ్లకి x దాదాపు సున్నా కాబట్టి టార్క్ పెరగదు, N మాత్రం పెరుగుతుంది. ఇంకో 60 కేజీలు కింద చేరితే మీ లెక్కలో 67.5/(0.4 × 135) = 1.25, అంటే పైన మనిషి ఉన్నా 51.3° సరిపోతుంది.

గోడకి కూడా ఘర్షణ ఉంటే ఈ సూత్రాలు వాడొద్దు. తెలియని బలాలు నాలుగవుతాయి, సమీకరణాలు మూడే ఉంటాయి. రెండు కొనలూ ఒకేసారి జారబోయే స్థితికి మాత్రమే జవాబు తేలుతుంది.