చిన్ననాటి స్నేహితుడి వెక్కిరింత: ప్రేమా, కుళ్లా?

‘మాది విజయనగరం. నాకు 36 ఏళ్లు. చిన్నప్పటి నుంచీ ఒక ఫ్రెండ్ ఉన్నాడు. ‘ఏటిరా ఎదవా’ అనుకోకపోతే మాకు రోజు గడవదు. మా నాన్న ఆపరేషన్‌కి నాలుగు రాత్రులు ఆసుపత్రి వరండాలో పడుకున్నాడు. ఏడాది కిందట షాపు మూసేసి అత్తారింటికి మారాను. అప్పటి నుంచి గంటస్తంభం దగ్గర టీ తాగేటప్పుడు అందరి ముందూ ‘ఇల్లరికం అల్లుడొచ్చాడు, కుర్చీ వెయ్యండ్రా’ అంటాడు. మా బావమరిది ఉంటే ఇంకా ఎక్కువ. ఇద్దరమే ఉన్నప్పుడు అనడు. ఒకసారి నవ్వుతూనే ‘ఆపరా’ అన్నాను. ‘ఈ మాత్రానికే ఏడుస్తావేటి’ అన్నాడు. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. నా భార్య వాడిని వదిలెయ్యమంటోంది. వాడిది ప్రేమా, కుళ్లా?’

ముందుగా ‘ఎదవా’, ‘ఇల్లరికం’ అనే ఆ రెండు మాటలనూ పక్కపక్కన పెట్టి చూద్దాం బాబూ. ‘ఎదవా’ అన్నప్పుడు మీరు ఎదవ కాదని అతనికీ తెలుసు, మీకూ తెలుసు. ఆ మాట పచ్చి అబద్ధం కాబట్టే ముద్దుగా చెల్లుతోంది. ‘ఇల్లరికం’ అలా కాదు. మీరిప్పుడు నిజంగానే అత్తారింట్లో ఉన్నారు, మీకే అది మనసులో ముల్లులా ఉంది. మన పెళ్లిళ్లలో వియ్యపురాలి మీద పాటలు కట్టి ఆటపట్టిస్తారు. ‘గంపెడన్నం తినేసింది’ అని పాడితే ఆవిడా నవ్వేస్తుంది. అదే భోజనాల దగ్గర నిజంగా గొడవ జరిగిన పెళ్లిలో ఆ పాట ఎత్తుకుంటే విస్తళ్ల ముందు నుంచి లేచిపోతారు. నొప్పి ఉన్న చోట తగిలింది కాబట్టే మీకు గుచ్చుకుంటోంది. దాన్ని మీ చేతకానితనం అనుకోకండి.

అయితే మాట గుచ్చుకున్నంత మాత్రాన అన్నవాడికి కుళ్లు ఉందని చెప్పలేం. గ్రెగరీ బేట్‌సన్ అనే మానవ శాస్త్రవేత్త 1952లో శాన్‌ఫ్రాన్సిస్కో జూలో కోతి పిల్లలు ఆడుకోవడం చూశాడు. అవి చేసేదంతా పోట్లాటలాగే ఉంది, కానీ పోట్లాట కాదు. ‘ఇది ఆట’ అనే సైగ ఏదో వాటి మధ్య నడుస్తోందని ఆయనకు అర్థమైంది. మీ వీధిలో కుక్కపిల్లల్నే చూడండి. ఒకటి రెండోదాని చెవి పట్టుకుని లాగుతుంది. పన్ను గట్టిగా దిగితే రెండోది కుయ్‌మంటుంది. వెంటనే మొదటిది వదిలేసి, ఒక్క క్షణం ఆగి, ముందుకాళ్లు వంచి మళ్లీ ఆటకు పిలుస్తుంది. ఆటో పోట్లాటో తేలేది కొరికినప్పుడు కాదు, కుయ్‌మన్న తర్వాత.

మీరింకా గట్టిగా కుయ్‌మనలేదు. నవ్వుతూ ‘ఆపరా’ అంటే, పదిమందిలో ఉన్నవాడికి ఆ నవ్వే వినపడుతుంది. ఎగతాళి చేసేవాడికి తన మనసులో ఏముందో తెలుసు కాబట్టి ఎదుటివాడికీ తెలుసనుకుంటాడు. ఎదుటివాడికి మాత్రం మాటే అందుతుంది. నా దగ్గరకు వచ్చే స్నేహితుల తగాదాల్లో చాలా వాటికి మూలం ఇదే.

నన్ను ఆలోచనలో పడేసింది మాత్రం మీ బావమరిది సంగతి. చనువుతో అనేవాడు ఇద్దరే ఉన్నప్పుడూ అంటాడు. జనం ముందే అంటున్నాడంటే ఆ నవ్వులు మీ కోసం కావు, వాళ్ల కోసం. అది కుళ్లు కావచ్చు, నలుగురిలో పెద్దరికం కోసం పడే యావ కావచ్చు. ఉత్తరాన్ని బట్టి తేల్చలేను. వరండాలో గడిపిన ఆ నాలుగు రాత్రులను కూడా తీసిపారేయలేను.

అందుకే ఒక పని చేయండి. టీ కొట్టు దగ్గర కాకుండా, ఇద్దరే ఉన్నప్పుడు, నవ్వకుండా చెప్పండి. ‘ఒరే, ఎదవా అను, ఇంకేమైనా అను. ఇల్లరికం అని మాత్రం అనకు. మా బావమరిది ముందు తల ఎత్తుకోలేకపోతున్నాను.’ అంతే చాలు. పాత లెక్కలు తవ్వకండి, ‘నీకు కుళ్లు’ అనకండి. అలా అంటే అతను తనను తాను కాపాడుకునే పనిలో పడతాడు.

తర్వాత మూడు నాలుగుసార్లు కలిసినప్పుడు గమనించండి. ప్రేమ ఉన్నవాడు వెంటనే క్షమాపణ చెప్పకపోవచ్చు. మన మగవాళ్లకు అది అంత తేలిగ్గా రాదు. మొహం అటు తిప్పుకుని ‘సరేలే, టీ తాగు’ అంటాడు. ఒకసారి నోరు జారినా మధ్యలోనే మింగేస్తాడు. ఇంకెవరైనా ఆ మాట ఎత్తితే అడ్డుపడతాడు. అలా కాకుండా మీరు చాటుగా చెప్పుకున్న బాధనే మర్నాడు అందరి ముందూ కొత్త జోకు చేశాడనుకోండి, ‘మా వోడికి కోపమొచ్చిందంట’ అన్నాడనుకోండి, ఇక అది ఆట కాదు. అప్పుడు ఆ టీ కొట్టుకు వెళ్లడం మానేయండి. దెబ్బలాట అక్కర్లేదు. ఎందుకు రావడం లేదని అడిగితే కారణం ఒక్కసారి చెప్పండి.

నిద్ర మాత్రం ఈ మాట వల్లే పోయిందని అనుకోను. షాపు మూతపడిన దిగులు కూడా అందులో ఉంటుంది. ఇంకో రెండు వారాలు ఇలాగే ఉంటే డాక్టర్‌ని కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేసినా తెలుగులో మాట్లాడతారు, డబ్బు అక్కర్లేదు. అతనితో మీరు మాట్లాడేదాకా ఆగమని మీ భార్యకు చెప్పండి. ఏ మాట ఎక్కడ తగులుతోందో ఆమెకూ వివరంగా చెప్పండి. పుట్టింట్లో ఉంటున్నది ఆమె కూడా కదా, తమ్ముడి ముందు ఆ మాట ఆమెకూ తగులుతూ ఉండొచ్చు.