విత్తనాల లైసెన్సు గడువు దాటిందా? అర్జీ ఇలా రాయండి

ప్రశ్న: మాది ఖమ్మం జిల్లాలో విత్తనాల దుకాణం. జూన్ 10తో లైసెన్సు గడువు అయిపోయింది. మా ఆవిడకు ఆపరేషన్ అయి, ఆస్పత్రి చుట్టూ తిరగడంలో రెన్యువల్ మర్చిపోయాను. ఇవాళ జూన్ 28. నాలుగు లక్షల పత్తి సరుకు ఉంది, అది ఓడీ డబ్బుతో కొన్నదే. అర్జీ ఎలా రాయాలి?

జవాబు: మీకు ఇంకా పన్నెండు రోజులు ఉన్నాయండీ. 1983 విత్తనాల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం గడువు ముగిసిన నెలలోపు అదనపు ఫీజు కట్టి రెన్యువల్ అడగొచ్చు. అంటే జూలై 10. ఆ రోజు దాటితే మళ్లీ కొత్త లైసెన్సుకే దరఖాస్తు చేసుకోవాలి.

ముందు అమ్మకం ఆపండి. ఓడీ వడ్డీ 12 శాతం అనుకుంటే నాలుగు లక్షలకు నెలకు నాలుగు వేలు. సీజన్‌లో కౌంటర్ మూయడం కష్టమే, కానీ లైసెన్సు లేని రోజు తేదీతో ఒక్క బిల్లు దొరికినా సరుకంతా జప్తయ్యే ప్రమాదం ఉంది. డిస్ట్రిబ్యూటర్ వెనక్కి తీసుకుంటానంటే కొంత సరుకు ఇప్పుడే తిప్పి పంపండి.

పాత లైసెన్సు మీద ఎవరి సంతకం ఉందో ఆ అధికారి హోదాకే అర్జీ రాయాలి. సీ ఫారం రెండు ప్రతులు నింపి, దానికి ఈ లేఖ జతచేయండి:

"అయ్యా, నా విత్తన విక్రయ లైసెన్సు నం. ____ గడువు జూన్ 10న ముగిసినది. నా భార్య శస్త్రచికిత్స నిమిత్తం జూన్ 2 నుండి 24 వరకు ఆస్పత్రిలో ఉన్నందున సకాలంలో దరఖాస్తు చేయలేకపోయాను. జూన్ 29 నుండి విక్రయాలు నిలిపివేసితిని. ఆ నాటి నిల్వ వివరాలు జతపరచితిని. అదనపు రుసుము చెల్లించితిని. లైసెన్సు పునరుద్ధరించవలసినదిగా ప్రార్థన.

జతపరచినవి: 1. అసలు లైసెన్సు 2. ఫీజు, అదనపు ఫీజు చలాన్లు 3. సోర్స్ సర్టిఫికెట్లు 4. దుకాణం అద్దె ఒప్పందం 5. ఆధార్, పాన్ నకళ్లు 6. డిశ్చార్జి సమ్మరీ 7. స్టాకు రిజిస్టరు నకలు."

జూన్ 11 నుంచి 28 మధ్య బిల్లులు కొట్టి ఉంటే, అప్పటి నుంచే ఆపామని రాయకండి. స్టాకు రిజిస్టరు తెరిస్తే తేలిపోతుంది. ఆలస్యానికి ఒక్క కారణం చాలు, అదీ కాగితం చూపగలిగింది. డిశ్చార్జి సమ్మరీలోని తేదీలూ లేఖలోని తేదీలూ కలవాలి.

అర్జీలు ఎక్కువగా తిరిగొచ్చేది జాబితాలోని 3, 4 నంబరు కాగితాల దగ్గరే. సోర్స్ సర్టిఫికెట్ కంపెనీ ఏటా ఇచ్చేదైతే పోయిన ఏడాదిది పెట్టేస్తుంటారు. అద్దె ఒప్పందం గడువూ చాలామంది చూసుకోరు. అందులో దుకాణం పేరు లైసెన్సులో ఉన్నట్టే అక్షరం తేడా లేకుండా ఉండాలి. కంపెనీ నుంచి సర్టిఫికెట్ రావడానికి రోజులు పట్టొచ్చు కనుక ఇవాళే ఫోన్ చేయండి.

అర్జీ ఇచ్చాక మీ నకలు మీద తేదీ వేసిన ముద్ర తప్పక వేయించుకోండి. జూలై 10లోపే ఇచ్చారనడానికి అదే మీ చేతిలోని రుజువు.