కన్‌జాయింట్ సర్వేలో వచ్చే ‘ఇంపార్టెన్స్’ శాతాలను నమ్మి ఫోన్ ధర పెట్టవచ్చా?

ప్రశ్న: “కొత్త స్మార్ట్‌ఫోన్‌కి ఏ ధర, ఏ ఫీచర్లు పెట్టాలో తేల్చడానికి కన్‌జాయింట్ అనాలిసిస్ చేయమన్నారు. సాఫ్ట్‌వేర్ చివర్లో ఒక్కోదానికి ఇంత శాతం ఇంపార్టెన్స్ అని పట్టిక ఇస్తుందట. అందులో పైనున్నవి తీసుకుంటే చాలా? సర్వే తయారుచేసేటప్పుడు ఏం చూసుకోవాలి?”

చాలదు. ఆ పట్టికను చూసి ఫోన్ నిర్ణయించకండి. నేను మార్కెట్ రీసెర్చ్‌లో పనిచేస్తాను, ఫోన్ల మీద ఇలాంటి సర్వేలు కొన్ని చేశాను. మొదటిదాంట్లో సర్వే తయారీ దగ్గరా, ఆ పట్టిక దగ్గరా, రెండుచోట్లా పొరపాటు పడ్డాను. అందుకే ఆ రెండింటి గురించే వివరంగా రాస్తున్నాను.

పెద్ద బ్యాటరీ కావాలా అని అడిగితే కావాలంటారు, ఎక్కువ స్టోరేజ్ కావాలా అంటే అదీ కావాలంటారు, ధర మాత్రం తగ్గాలంటారు. ఒకటి దక్కాలంటే ఇంకోటి వదులుకోవాల్సిన చోట నిలబెడితే తప్ప అసలు ఇష్టం బయటపడదు. కన్‌జాయింట్ వెనకున్న ఈ ఆలోచనను పాల్ గ్రీన్, విఠల రావు 1971లో మార్కెటింగ్‌లోకి తెచ్చారు. ఇప్పుడు ఎక్కువగా వాడుకలో ఉన్నది ఛాయిస్ బేస్డ్ కన్‌జాయింట్. ఒక్కో స్క్రీన్‌లో మూడు ఫోన్లు, పక్కన ‘వీటిలో ఏదీ కొనను’ అనే నాలుగో గడి పెట్టి, ఒకటి ఎంచుకోమంటాం. ఆ నాలుగో గడిని తీసేయకండి. అది లేకపోతే అన్ని ఫోన్ల ధరా పెంచినా జనం కొంటూనే ఉంటారని మోడల్ చెబుతుంది.

మా సర్వేని కొంచెం సరళం చేసి చెబుతాను. కరెన్సీ పేరు వదిలేసి అంకెలు గుండ్రంగా రాస్తున్నాను. ధరకి నాలుగు స్థాయిలు: 200, 250, 300, 350. బ్యాటరీకి మూడు: 4000, 5000, 6000 ఎంఏహెచ్. స్టోరేజ్ 128 లేదా 256 జీబీ. కెమెరాలో చెయ్యి కదిలినా ఫొటో చెదరకుండా ఆపే స్టెబిలైజేషన్ ఉండటం లేదా లేకపోవడం. అన్నీ కలిపితే 4 × 3 × 2 × 2, అంటే 48 రకాల ఫోన్లు. ఒక మనిషికి ఇవన్నీ చూపించం. ఒక్కొక్కరికి 12 స్క్రీన్లు వేసి, మనిషికో రకంగా కలిపి చూపిస్తాం. ఎంతమంది కావాలన్న దానికి ఈ రంగంలో ఒక మోటు లెక్క ఉంది:

```
n × t × a / c ≥ 500
```

ఇక్కడ n మనుషులు, t స్క్రీన్లు, a ఒక్కో స్క్రీన్‌లోని ఫోన్లు, c అన్నిటికన్నా ఎక్కువ స్థాయిలున్న అంశంలోని స్థాయిల సంఖ్య. మా లెక్కకి 56 మంది సరిపోతారని వస్తుంది. కానీ అది కనీసం మాత్రమే, అంతమందితో ఆపకండి. మేం 300 మందితో చేశాం, ఎందుకంటే జనాన్ని గుంపులుగా విడదీసి చూడాల్సి వస్తుందని ముందే తెలుసు.

ఇక నా మొదటి పొరపాటు. డిజైన్ మీద మాట్లాడుకుంటున్నప్పుడు ఒకరు “200కి, 250కి 256 జీబీ ఎవరిస్తారు? 350 పెట్టి 128 ఎవరు కొంటారు? అలాంటివి చూపిస్తే నవ్వుతారు” అన్నారు. సబబుగానే అనిపించింది, ఆ కలయికలు రాకుండా సాఫ్ట్‌వేర్‌లో నిషేధం పెట్టాను. ఫలితాల్లో 250 కంటే 300 ధరనే జనం కాస్త ఎక్కువ ఇష్టపడుతున్నట్టు వచ్చింది! స్టోరేజ్ విలువేమో దాదాపు సున్నా. ఖరీదైతే నాణ్యత ఉంటుందనుకుంటున్నారేమో అని రెండు రోజులు కథలు అల్లుకున్నాం. నిజానికి కారణం నేను పెట్టిన నిషేధమే. 256 జీబీ ఎప్పుడూ ఎక్కువ ధరతోనే కనబడింది, 128 తక్కువ ధరతోనే. రెండూ కలిసి కనబడిన చోటు 300 ఒక్కటే. మిగతా ధరల దగ్గర మనిషి ఫోన్‌ని వద్దన్నది ధర చూసా, స్టోరేజ్ చూసా అని విడదీసే ఆధారమే మోడల్‌కి లేదు. అందుకే ఒకదాని విలువ ఇంకోదానికి అంటుకుంది. ఆ డేటాని ఏ సాఫ్ట్‌వేరూ బాగుచేయలేదు, సర్వే మళ్లీ చేయాల్సి వచ్చింది.

ఇది సర్వే పంపకముందే పట్టుకోవచ్చు. డిజైన్ ఫైల్ తీసి, ఏ ధర ఏ స్టోరేజ్‌తో ఎన్నిసార్లు కలిసి వచ్చిందో ఒక పట్టిక వేయండి. అన్ని గడుల్లో దాదాపు సమానమైన అంకెలు ఉండాలి. సున్నాలు కనబడితే అక్కడే ఆగండి. ఆ తర్వాత 300 మంది గుడ్డిగా ఎంచుకున్నట్టు ఉత్తుత్తి జవాబులు తయారుచేసి, వాటిమీద, ఎంపికల నుంచి ఒక్కో స్థాయి విలువ లెక్కగట్టే లాజిట్ మోడల్ నడిపి, ఆ విలువ ఎంత అటూఇటూ ఊగొచ్చో చెప్పే స్టాండర్డ్ ఎర్రర్‌ని ఒక్కో స్థాయికీ చూడండి. 0.05 దాటకుండా ఉంటే మంచిదని ఈ పనిలో ఉన్నవాళ్లు అంటారు. నా నిషేధాల డిజైన్‌ని తర్వాత ఇలా పరీక్షిస్తే, ధరకీ స్టోరేజ్‌కీ ఆ అంకె గట్టిగా పెరిగిపోయింది. చౌక ధరకి పెద్ద స్టోరేజ్ కనబడితే జనం ఏమీ అనుకోరు. ‘ఇవన్నీ ఊహించిన ఫోన్లు’ అని మొదట్లో ఒక వాక్యం రాస్తే చాలు.

రెండోసారి నిషేధాలు లేకుండా చేశాక వచ్చిన పార్ట్‌వర్త్‌లు ఇవి. పార్ట్‌వర్త్ అంటే ఆ ఒక్క స్థాయి ఫోన్ మొత్తం విలువకి ఎంత కలుపుతుందో, ఎంత తీసేస్తుందో చెప్పే అంకె. ధర 200కి +1.2, 250కి +0.6, 300కి −0.3, 350కి −1.5. బ్యాటరీ 4000కి −0.7, 5000కి +0.2, 6000కి +0.5. స్టోరేజ్ 128కి −0.3, 256కి +0.3. స్టెబిలైజేషన్ లేకుంటే −0.2, ఉంటే +0.2. ‘ఏదీ కొనను’ విలువ సున్నా.

నా రెండో పొరపాటు ఇంపార్టెన్స్ పట్టిక దగ్గర. ఆ శాతం ఎలా వస్తుందో ఇప్పుడు చూడండి. ఒక్కో అంశంలో అన్నిటికన్నా ఎక్కువ విలువకీ తక్కువ విలువకీ మధ్య దూరం తీస్తారు. ధరకి 2.7, బ్యాటరీకి 1.2, స్టోరేజ్‌కి 0.6, స్టెబిలైజేషన్‌కి 0.4, మొత్తం 4.9. ధర వాటా 55 శాతం, బ్యాటరీది 24 శాతం చిల్లర. ఇది చూసి ‘ధరే అంతా’ అంటారు. సరే, ఇదే జనాన్ని 250, 300 ధరలు మాత్రమే పెట్టి అడిగామనుకుందాం. ధర దూరం 0.9కి పడిపోతుంది, మొత్తం 3.1 అవుతుంది. ధర వాటా 29 శాతానికి దిగి, బ్యాటరీ 39 శాతంతో మొదటి స్థానంలోకి వస్తుంది. మనుషులు మారలేదు, వాళ్ల ఇష్టాలూ మారలేదు. మనం ఎంచుకున్న స్థాయిలు మారాయి, అంతే. అందుకే ఆ శాతం వినియోగదారుడి గురించి ఎంత చెబుతుందో, మన ప్రశ్నాపత్రం గురించీ అంత చెబుతుంది. అసలు ఆ అంకెలు చెప్పే విషయం వేరే ఉంది. బ్యాటరీ 4000 నుంచి 5000కి వెళ్తే విలువ 0.9 పెరుగుతుంది, ధర 250 నుంచి 300కి పెరిగితే సరిగ్గా అంతే పోతుంది. 5000 నుంచి 6000కి వెళ్తే పెరిగేది 0.3 మాత్రమే.

కాబట్టి పార్ట్‌వర్త్‌లను మొత్తం ఫోన్లుగా కూర్చి, పోటీ ఫోన్ పక్కన నిలబెట్టండి. ఫార్ములా కింద ఉంది. అందులో U అంటే ఒక ఫోన్‌లోని పార్ట్‌వర్త్‌లన్నీ కూడితే వచ్చే విలువ, A మన ఫోన్, B పోటీ ఫోన్, none అంటే ‘ఏదీ కొనను’:

```
share_A = exp(U_A) / (exp(U_A) + exp(U_B) + exp(U_none))
```

పోటీ ఫోన్ 250 ధర, 5000 ఎంఏహెచ్, 128 జీబీ, స్టెబిలైజేషన్‌తో ఉందనుకోండి. దాని విలువ 0.7. మన మొదటి ప్రతిపాదన అదే ధరకి, అదే బ్యాటరీ, అదే స్టోరేజ్, కానీ స్టెబిలైజేషన్ లేదు. విలువ 0.3, వాటా 31 శాతం. రెండోది ధర 300, 5000 ఎంఏహెచ్, 256 జీబీ, స్టెబిలైజేషన్ ఉంది. విలువ 0.4, వాటా 33 శాతం. మూడోది ధర 300, బ్యాటరీ 6000, మిగతావి మొదటిదాని లాగే. విలువ −0.3, వాటా 20 శాతం.

మా దగ్గర పెద్ద బ్యాటరీ మీదే అందరికీ మోజు, కాబట్టి మూడోదే గెలుస్తుందనుకున్నారు. కానీ 5000 దాటాక జనానికి పెద్ద తేడా అనిపించలేదు. రెండో ఫోన్ ధర 50 ఎక్కువైనా వాటా తగ్గలేదు. తయారీ ఖర్చు మొదటిదానికి 200, రెండోదానికి 225 అనుకుంటే, ఒక్కో ఫోన్ మీద మిగిలేది 50, 75. వాటాతో గుణిస్తే ప్రతి వందమందికీ మొదటిదాని మీద సుమారు 1,550, రెండోదాని మీద సుమారు 2,480 మిగులుతుంది. ఇంపార్టెన్స్ పట్టికలో అట్టడుగున ఉన్న రెండు ఫీచర్లే ఈ ఫోన్‌ని నిలబెట్టాయి. నాకు ఈ పద్ధతి మీద నమ్మకం కుదిరింది ఇక్కడే.

ఇంకో మాట. పైన నేను సగటు అంకెలతో లెక్క చూపించాను, అర్థం కావడానికి. అసలు పనిలో సగటుతో సరిపెట్టకండి. స్టెబిలైజేషన్ తేడా 0.4 అని సగటు చెప్పినప్పుడు, అందరికీ కొంచెం కొంచెం ఇష్టమై ఉండొచ్చు, లేదా మూడోవంతు మందికి అది లేకుండా కుదరదని, మిగతావాళ్లకి పట్టదని కూడా కావచ్చు. ఈ రెండు సందర్భాల్లో తీసుకోవాల్సిన నిర్ణయం ఒకటి కాదు. పైగా సగటు మీద నడిపిన లాజిట్, కొత్త ఫోన్ వస్తే అది మిగతా అన్నిటి నుంచీ వాటాల నిష్పత్తిలోనే లాగుకుంటుందని అనుకుంటుంది. నిజానికి తనను పోలిన ఫోన్ నుంచే ఎక్కువ లాగుతుంది. హైరార్కికల్ బేయ్స్ పద్ధతిలో ఒక్కో మనిషికీ విడిగా పార్ట్‌వర్త్‌లు వస్తాయి. ముందు మనిషి మనిషికీ వాటాలు కట్టి, తర్వాత వాటి సగటు తీసుకుంటే ఈ రెండు ఇబ్బందులూ చాలావరకు తగ్గుతాయి. ఆ లెక్కకి ముందు, 12 స్క్రీన్లలోనూ ఎడమవైపు ఫోన్‌నే నొక్కినవాళ్లనూ, స్క్రీన్ చదివే సమయం కూడా తీసుకోకుండా దాటేసినవాళ్లనూ పక్కన పెట్టండి.

చివర్లో పరీక్ష కోసం మేం అందరికీ ఒకేలా ఉండే రెండు స్క్రీన్లు అదనంగా వేసి, వాటి జవాబులను మోడల్‌కి ఇవ్వలేదు. మోడల్ చెప్పిన వాటాలూ, జనం నిజంగా ఎంచుకున్న వాటాలూ పక్కపక్కన పెట్టి చూశాం. రెండోసారి చేసిన సర్వేలో అవి దగ్గరగా వచ్చాయి. అప్పుడు కూడా 33 శాతం అన్నదాన్ని అమ్మకాల అంచనాగా ఇవ్వలేదు. సర్వేలో ప్రతి ఒక్కరికీ ఫోన్ కనబడుతుంది, వివరాలన్నీ తెలుస్తాయి, స్టాక్ ఎప్పుడూ ఉంటుంది, జేబులోంచి డబ్బు పోదు. బయట ఇవేవీ నిజం కావు. అందుకే నా రిపోర్టులో మూడు ప్రతిపాదనల మధ్య తేడాలనే రాశాను, వాటిలో ఏ ఒక్క అంకెనీ విడిగా ఇవ్వలేదు.