మాటల్లేని నిమిషం కామెడీకి వ్యాఖ్యానం: నవ్వు ఎక్కడ జారిపోతోంది?

ప్రశ్న: మా లైబ్రరీ సినిమా గంటకు చూపు లేని పిల్లలు కూడా వస్తారు. ఒక నిమిషం నిడివి ఉన్న మాటల్లేని కామెడీకి తెలుగు వ్యాఖ్యానం రాసి చదివాం. తెర మీద జరిగినవన్నీ చెప్పాం. అయినా చూసే పిల్లలు నవ్వారు, వినే పిల్లలు నవ్వలేదు. ఎక్కడ తప్పుతోంది?

జవాబు: అన్నీ చెప్పడంలోనే తప్పుతూ ఉండవచ్చు. కామెడీలో ఏం చెప్పామన్నది ఎంత ముఖ్యమో, ఏది ముందు, ఏది వెనక, ఏ క్షణంలో చెప్పామన్నది కూడా అంతే ముఖ్యం. లూయీ లూమియేర్ 1895లో తీసిన ‘లారోజర్ అరోజే’ మీద చేసి చూపిస్తాను. నిడివి ముప్పావు నిమిషం, మాటలు లేవు, కెమెరా కదలదు. సాధన చేయడానికి ఇంతకంటే మంచి చిత్రం నాకు తెలియదు.

ఎక్కువమంది మొదట ఇలా రాస్తారు: “ఒక అల్లరి పిల్లాడు తోటమాలి ముఖం మీద నీళ్లు పడేలా గొట్టం తొక్కాడు.” ఇందులో తప్పుడు సమాచారమేమీ లేదు, కానీ తెర మీద నీళ్లు ఇంకా ఆగకముందే మన వాక్యంలో ముఖం తడిసిపోయింది. ‘అల్లరి’ అన్న మాట కూడా తీసేయాలి. ఏదో జరగబోతోందని అది ముందే చెప్పేస్తుంది, పిల్లాడి గురించిన తీర్పు కూడా మనమే ఇచ్చేసినట్టవుతుంది.

నేనైతే ఇలా విడగొడతాను:

1. తోటమాలి గొట్టంతో మొక్కలకు నీళ్లు పెడుతున్నాడు.
2. వెనక నుంచి ఒక అబ్బాయి వచ్చాడు. గొట్టాన్ని తొక్కాడు.
3. నీళ్లు ఆగిపోయాయి.
4. తోటమాలి గొట్టం మూతిలోకి చూస్తున్నాడు.
5. అబ్బాయి కాలు తీశాడు.
6. నీళ్లు ముఖం మీదికే! టోపీ ఎగిరిపడింది.
7. పారిపోతున్న అబ్బాయిని పట్టుకుని, ముందుకు లాక్కొచ్చి, పిర్రల మీద వాయించాడు.

రెండో వాక్యంలో ‘వెనక నుంచి’ అన్నది పోతే హాస్యమే పోతుంది. తోటమాలికి తెలియనిది మనకు తెలుసు, నవ్వు పుట్టేది అక్కడే. అబ్బాయి చొక్కా, తోటలో చెట్లు, గోడ ఇవేవీ ఇక్కడ అక్కర్లేదు. టోపీ మాత్రం ఆరో వాక్యంలో ఎగరాలి కాబట్టి, తోటమాలి తలమీద టోపీ ఉందని చిత్రం మొదలయ్యే ముందే పరిచయంలో చెప్పేయండి. గొట్టం అతని వెనక నేలమీదుగా సాగి ఉందని కూడా అప్పుడే చెప్పాలి. చిత్రం నడుస్తున్నప్పుడు వీటికి చోటు దొరకదు.

ఇక సమయం. అయిదో వాక్యాన్ని కాలు లేవడానికి అర సెకను ముందు మొదలుపెట్టవచ్చు. ఆరోదాన్ని మాత్రం ఎప్పుడూ ముందు చెప్పకండి, నీళ్లు తగిలిన క్షణంలోనే అనాలి. ఒక సెకను ఆలస్యమైనా చూసేవాళ్లు ముందు నవ్వేస్తారు. వినేవాళ్లకు కారణం కంటే ముందు పక్కవాళ్ల నవ్వు వినిపిస్తుంది, మన మాట ఆ నవ్వులో మునిగిపోతుంది. మీ దగ్గర జరిగింది ఇదే అయి ఉండవచ్చు. అందుకే ఆరో వాక్యంలో ‘నీళ్లు ముఖం మీదికే’ ముందు వచ్చింది, క్రియను కూడా వదిలేశాను. “తోటమాలి ముఖం మీదికి నీళ్లు ఒక్కసారిగా చిమ్మాయి” అని రాస్తే, ఆ వాక్యం ముగిసేలోపు టోపీ కింద పడిపోయి ఉంటుంది.

ఆరో వాక్యం తర్వాత ఆగండి. తరిమే ఘట్టంలో కొంతభాగం కెమెరా చట్రం బయటే జరుగుతుంది, కనుక ఆ ఖాళీలో పోయేదేమీ లేదు. నవ్వు తగ్గాక ఏడోది అందుకోండి. గొంతు ప్రశాంతంగా ఉంచాలి. చదివేవాళ్లే నవ్వితే పిల్లలకు ఇక్కడ నవ్వాలని ఆజ్ఞ ఇచ్చినట్టుంటుంది.

క్రియారూపం విషయంలో ఒక చిన్న నియమం పెట్టుకోండి. సాగుతున్న పనికి ‘చూస్తున్నాడు’, చటుక్కున అయిపోయే పనికి ‘తీశాడు’. క్రికెట్ వ్యాఖ్యానం విన్న చెవికి ఇది సహజంగానే ఉంటుంది. వాక్యాల నిడివిని మాటల లెక్కతో కొలవకండి, స్టాప్‌వాచ్ పెట్టుకుని పైకి చదవండి. తెలుగులో ఒక్క మాటే ‘లాక్కొచ్చి’ అంత పొట్టిగానూ ఉండవచ్చు, దానికి మూడింతలు పొడుగ్గానూ ఉండవచ్చు.

మీ చిత్రంలో చప్పుళ్లు ఉంటే ఆరో వాక్యాన్ని ఇంకా కుదించవచ్చు. నీళ్లు చిమ్మిన శబ్దం వినిపిస్తుంటే ‘ముఖం మీదికే!’ చాలు. సంగీతం ఉండి, వ్యాఖ్యానాన్ని రికార్డు చేస్తుంటే Audacity అనే ఆడియో సాఫ్ట్‌వేర్‌లో Auto Duck వాడండి, గొంతు వినిపించినప్పుడల్లా అది సంగీతాన్ని తగ్గిస్తుంది. సంగీతం ట్రాక్ పైన, గొంతు ట్రాక్ దాని కింద ఉండాలి, లేకపోతే అది పనిచేయదు. Maximum pause ఒక సెకను ఉంచితే, అయిదుకూ ఆరుకూ మధ్య సంగీతం పైకి లేవదు, ఆరు తర్వాతి విరామంలో లేస్తుంది.

చివరిగా, ఈ చిత్రం చూడని, చూపు లేని ఒకరికి వినిపించండి. బాగుందా అని అడగవద్దు. నీళ్లు ఎందుకు ఆగాయి, అబ్బాయి ఎక్కడున్నాడు అని అడగండి. మొదటిదానికి జవాబు రాకపోతే రెండో వాక్యం హడావిడిగా చదివారన్నమాట. రెండోదానికి రాకపోతే ‘వెనక నుంచి’ చెవికి అందలేదు, దాని తర్వాత ఒక చిన్న విరుపు పెట్టి మళ్లీ చదవండి.