ఏబీఎస్ లైటు వెలుగుతోంది, బ్రేకులు పడుతున్నాయి: బండి తిప్పొచ్చా?

"సార్, నెల క్రితం కారు ముందు ఎడమ చక్రం బేరింగ్ మార్పించాను. అప్పటి నుంచి బండి కదిలిన కాసేపటికి ఏబీఎస్ లైటు వెలుగుతోంది. బ్రేకులు మాత్రం బాగానే పడుతున్నాయి. మెకానిక్ ఏం కాదంటున్నాడు. నమ్మొచ్చా?" – ఒక పాఠకుడు, రాజాం

మామూలు బ్రేకు వరకూ మీ మెకానిక్ చెప్పింది నిజమే. ఏబీఎస్ అంటే సడన్ బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు. పెడల్ తొక్కితే ఆయిల్ ఒత్తిడి ఏబీఎస్ యూనిట్ గుండానే చక్రాలకు వెళ్తుంది. అందులోని వాల్వులకు కరెంటు అందకపోతే దారి తెరిచే ఉంటుంది. అందుకే ఏబీఎస్ ఆగిపోయినా బ్రేకు పడుతుంది.

ఇక లోపం ఎక్కడంటే, నా అనుమానం ఆ కొత్త బేరింగ్ మీదే. చాలా కార్లలో బేరింగ్‌కు ఒక వైపు సీలులోనే అయస్కాంతపు రింగు ఉంటుంది. చూడటానికి మామూలు నల్ల సీలులాగే ఉంటుంది కానీ, చక్రం వేగాన్ని సెన్సార్ చదివేది దాన్నుంచే. ఆ వైపు సెన్సార్ ఎదురుగా రావాలి. తిరగేసి బిగిస్తే చక్రం హాయిగా తిరుగుతుంది, సెన్సార్‌కు మాత్రం ఏమీ కనిపించదు. తాళం తిప్పగానే లైటు వెలిగి ఆరిపోయి, బండి కదిలాక మళ్లీ వెలగడానికి కారణం అదే కావచ్చు. మూడు చక్రాలు 20 కిలోమీటర్ల వేగంతో తిరుగుతుంటే నాలుగోది సున్నా చూపిస్తోంది. ఆ సున్నాను నమ్మితే, చక్రం బిగుసుకుపోయిందనుకుని బ్రేకు వదిలేసే ప్రమాదం ఉంది. అందుకే కంప్యూటర్ ఏబీఎస్‌ను ఆపేసి లైటు వేస్తుంది.

ఏబీఎస్ కోడ్‌లు చదివే స్కానర్ పెట్టించండి. చవక స్కానర్లు చాలావరకు ఇంజన్ కోడ్‌లే చూపిస్తాయి. బండి నడుపుతూ నాలుగు చక్రాల వేగాలు చూడమనండి. ముందు ఎడమది సున్నా దగ్గరే ఉంటే మొదట సెన్సార్ వైరు, కనెక్టర్ చూసి, ఆ తర్వాతే బేరింగ్ విప్పాలి. ప్రెస్ చేసి బయటికి తీసిన బేరింగ్ సాధారణంగా పాడవుతుంది, కొత్తది వేయాల్సిందే.

అది బాగయ్యే దాకా సడన్ బ్రేకు విషయంలో మాత్రం అలవాటు మార్చుకోవాలి. చీపురుపల్లి రోడ్డులో వాన జల్లు పడి ఉందనుకోండి, లేదా ఎవరో రోడ్డు మీద వడ్లు ఆరబోశారు. ఎదురుగా గేదె వచ్చింది. ఏబీఎస్ పనిచేస్తుంటే గట్టిగా తొక్కి పట్టి స్టీరింగ్ తిప్పితే చాలు, కాలి కింద పెడల్ అదురుతుంది. ఇప్పుడు అలా తొక్కితే ముందు చక్రాలు బిగుసుకుపోతాయి, స్టీరింగ్ ఎంత తిప్పినా బండి నేరుగా జారుకుంటూ పోతుంది. జారుతోందనిపించగానే కాలు పూర్తిగా తీసేయకుండా, చక్రం మళ్లీ తిరిగేంత వరకే పెడల్ వదలండి. అప్పుడు స్టీరింగ్ పనిచేస్తుంది. పక్కకు తిప్పి, మళ్లీ తొక్కండి. టెన్షన్‌లో ఇది అందరికీ కుదరదు. కాబట్టి వేగం తగ్గించి, ముందు బండికి ఎక్కువ దూరం ఉంచడమే నమ్మదగిన పద్ధతి.

పసుపు ఏబీఎస్ లైటుతోపాటు ఎర్ర బ్రేకు లైటు కూడా వెలిగితే హ్యాండ్‌బ్రేక్ పూర్తిగా దింపారో లేదో చూడండి. దింపినా ఆరకపోతే బండి పక్కన పెట్టేయండి. బ్రేకు ఆయిల్ తగ్గి ఉండొచ్చు, లేదా వెనక చక్రాలకు ఒత్తిడి సర్దే ఏర్పాటు కూడా పోయి ఉండొచ్చు. అప్పుడు గట్టిగా తొక్కితే వెనక చక్రాలు ముందే బిగుసుకుని బండి అడ్డంగా తిరగొచ్చు. ఆ స్థితిలో మెకానిక్‌ను ఇంటికే పిలిపించుకోండి.