బోరు టీడీఎస్ 700 అంటే క్యాండిల్ చాలుతుందా, ఆర్ఓ కావాలా?

ప్రశ్న: మాది అనంతపురం. రోజు మార్చి రోజు మున్సిపల్ నీళ్లు వస్తాయి, మిగతా రోజులు బోరే గతి. మీటరు పెడితే కుళాయి 280, బోరు 700 చూపించింది. ఇంట్లో పాత క్యాండిల్ ఫిల్టర్ ఉంది. దాన్నే వాడుకోవచ్చా, కార్బన్ పెట్టాలా, ఆర్ఓ కొనాలా? ఇద్దరు చిన్నపిల్లలు.

జవాబు:

ఆ 700 చూసి ధైర్యం తెచ్చుకోకండి. టీడీఎస్ మీటరు నీళ్లలో మొత్తం ఉప్పు ఎంతుందో అంచనాగా చెబుతుంది గానీ అది ఏ ఉప్పో చెప్పదు. మన జిల్లాలో బోరు నీళ్లతో అసలు పేచీ ఫ్లోరైడ్. రాతి పొరల్లోంచి వస్తుంది. నీళ్లలో సున్నం తక్కువగా, సోడా ఎక్కువగా ఉన్నచోట అది ఇంకా పెరుగుతుంది. అందుకే తాగితే బాగానే ఉన్న, సబ్బు బాగా నురగొచ్చే బోరు నీళ్లలోనూ 3, 4 మిల్లీగ్రాములు ఉండొచ్చు. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపల ఉండాలని, వేరే దారి లేకపోతే 1.5 వరకు ఓర్చుకోవచ్చని మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 చెబుతుంది. పిల్లల పళ్లు చిగురు లోపల తయారవుతున్న వయసులో ఎక్కువైతే గార పట్టేది అప్పుడే.

కాబట్టి ఏదైనా కొనేముందు బోరు నీళ్లకు ఫ్లోరైడ్ పరీక్ష చేయించండి. బోరు పది నిమిషాలు ఆడనిచ్చి, లీటరు ప్లాస్టిక్ సీసాను అవే నీళ్లతో మూడుసార్లు కడిగి, నిండా పట్టండి. గాజు సీసా వద్దు, ఫ్లోరైడ్ గాజుతో కలుస్తుంది. గ్రామీణ నీటి సరఫరా విభాగం ల్యాబుల్లో ఈ పరీక్ష చేస్తారు.

ఇక మీ క్యాండిల్. అది సన్నని జల్లెడ లాంటిది. బురద, తుప్పు, చాలామటుకు బ్యాక్టీరియా దాని మీదే ఆగిపోతాయి. నీళ్లలో కరిగిపోయినవి మాత్రం ఆగవు. ఉప్పు, ఫ్లోరైడ్, నైట్రేట్ ఎంతుంటే అంతా కిందికి దిగుతాయి. కామెర్లు తెచ్చే వైరస్‌లు కూడా దాని రంధ్రాల కన్నా చిన్నవి. అందుకే మున్సిపల్ పైపు పగిలి మురుగు కలిసిందని అనుమానం వస్తే క్యాండిల్‌లో దిగిన నీళ్లను కూడా కళపెళా మరగనిచ్చే తాగాలి. బోరు నీళ్లను మాత్రం ఫ్లోరైడ్ పోతుందని మరిగించకండి. ఆవిరయ్యేది నీళ్లే, ఫ్లోరైడ్ గిన్నెలోనే ఉండి కాస్త చిక్కబడుతుంది.

పాత క్యాండిల్‌లో కంటికి కనబడని బీట ఉంటే అది ఉన్నా లేనట్టే. విప్పి, అరగంట నీళ్లలో నానబెట్టి, నీళ్లలో ఉంచే దాని కాడ నుంచి నోటితో మెల్లగా ఊదండి. ఒకే చోట నుంచి బుడగలు వరుసగా వస్తే అక్కడ బీట ఉంది, పారేయండి. అడుగున మూత అంటించిన చోటు నుంచి వచ్చినా అంతే. బాగుంటే పారే నీళ్ల కింద మెత్తని పీచుతో రుద్దండి, సబ్బు తగలనీయకండి. బిగించేటప్పుడు రబ్బరు వాషరు కొత్తది వేయండి. చాలా ఇళ్లలో మురికి దిగేది క్యాండిల్‌లోంచి కాదు, ఎండిపోయిన వాషరు పక్క నుంచి.

యాక్టివేటెడ్ కార్బన్ పని వేరు. క్లోరిన్ వాసన, నాచు వాసన, రంగు లాగేస్తుంది. బోరు నీళ్లకు దానితో పెద్దగా ఒరిగేదేమీ లేదు, ఫ్లోరైడును అది ముట్టుకోదు. యాక్టివేటెడ్ అల్యూమినా అని ఫ్లోరైడ్ పట్టే తెల్లని గుళికలు వేరే ఉన్నాయి. అంగట్లో పేర్లు కలిపేస్తారు, చూసుకోండి. కుళాయి నీళ్లకు కార్బన్ పెట్టుకున్నా ఒక ఇబ్బంది ఉంది. క్లోరిన్ పోయాక ఆ నీళ్లకు కాపలా ఉండదు, పైగా కార్బన్ గుళికల మధ్య బ్యాక్టీరియా కాపురం పెడుతుంది. వారం ఊరెళ్లి వస్తే మొదటి నాలుగైదు లీటర్లు పారబోయాలి. దాని పని అయిపోయిందా అన్నది క్లోరిన్ పరీక్ష చుక్కలతో తెలుస్తుంది. కుళాయి నీళ్లు పసుపు రంగు తిరిగి, ఫిల్టర్ నీళ్లు తిరగకపోతే ఇంకా పనిచేస్తోంది. రెండూ పసుపైతే మార్చాలి.

ఇక నీళ్లను వడగట్టే పలుచని పొర, మెంబ్రేన్. మెంబ్రేన్ అంటే ఆర్ఓ ఒక్కటే కాదు. కరెంటు అక్కర్లేని యూఎఫ్ కూడా మెంబ్రేనే. అది క్యాండిల్ కన్నా సన్నగా వడగట్టి బ్యాక్టీరియాతో పాటు కొన్ని వైరస్‌లనూ ఆపుతుంది గానీ ఉప్పును, ఫ్లోరైడును వదిలేస్తుంది. క్యాండిల్, కార్బన్, యూఎఫ్, ఆర్ఓల్లో ఫ్లోరైడును ఆపేది ఆర్ఓ ఒక్కటే. బాగున్న మెంబ్రేన్ పదింట తొమ్మిది వంతులు ఆపుతుంది.

ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. చాలా ఆర్ఓల్లో టీడీఎస్ కంట్రోలర్ అని చిన్న తిప్పుడు వాల్వ్ ఉంటుంది. దాన్ని తెరిస్తే మెంబ్రేన్‌కు పోని నీళ్లు కొన్ని పక్కదారిన వచ్చి శుద్ధి నీళ్లలో కలుస్తాయి. బిగించడానికి వచ్చినవాళ్లు "చప్పగా ఉంటాయి, మినరల్స్ ఉండాలి" అని తిప్పిపోతారు. మీ బోరులో ఫ్లోరైడ్ 4 అనుకుని లెక్క చూడండి. వాల్వ్ పూర్తిగా మూస్తే శుద్ధి నీళ్ల టీడీఎస్ దాదాపు 56, ఫ్లోరైడ్ 0.4. రుచి కోసం టీడీఎస్ 300కు తెచ్చారనుకోండి, ప్రతి 10 లీటర్లలో 3.8 లీటర్లు పచ్చి బోరు నీళ్లు కలిసినట్టు. ఫ్లోరైడ్ 1.77 అవుతుంది. వేలు పోసి మిషన్ పెట్టుకున్నాక కూడా హద్దు దాటింది. అదే బోరుకు ఫ్లోరైడ్ 1 లోపల ఉండాలంటే మీటరు 160 దాటకూడదు. మీ రిపోర్టులో అంకె ఎక్కువగా ఉంటే వాల్వ్ పూర్తిగా మూయించండి.

మెంబ్రేన్ అరిగిందా అని చూసేదీ వాల్వ్ మూసే చూడాలి. మిషన్ ఆన్ చేసి పది నిమిషాలు పోనిచ్చి కొలవండి, ఎందుకంటే ఆగి ఉన్న మిషన్ మొదటి గ్లాసులో టీడీఎస్ ఎప్పుడూ ఎక్కువే. 700 నీళ్లకు 60, 70 వస్తే బాగున్నట్టు. నెలనెలా కొంచెం కొంచెంగా పెరిగి 140 దాటితే మార్చే వేళైంది. నిన్న 60 ఉండి ఇవాళ ఉన్నట్టుండి 250 చూపిస్తే, మెంబ్రేన్ మార్చే ముందు దాని కాడకుండే రబ్బరు రింగు తప్పిందేమో చూడమనండి. ఆర్ఓలో కార్బన్ గొట్టం మాత్రం మానకూడదు, కుళాయి క్లోరిన్ నేరుగా తగిలితే మెంబ్రేన్ పాడవుతుంది.

మీ ఇంటికైతే నా మాట ఇది. కుళాయి నీళ్లను బోరుతో ఒకే సంపులో కలపకండి. కుళాయి వచ్చిన రోజు రెండు రోజులకు సరిపడా, తాగడానికీ వంటకూ కలిపి రోజుకు 20 లీటర్ల లెక్కన 40 లీటర్లు మూత ఉన్న డ్రమ్ములో నేరుగా పట్టి, క్యాండిల్‌లోనో యూఎఫ్‌లోనో పోసుకోండి. అవి చెరువు, నది నీళ్లు కాబట్టి ఆర్ఓ అక్కర్లేదు. వంటకు కూడా అవే, పప్పులో పోసిన ఫ్లోరైడ్ కూడా లోపలికే పోతుంది. కుళాయి వారాల తరబడి రాని ఎండాకాలం ఉండి, పైగా రిపోర్టులో ఫ్లోరైడ్ 1.5 దాటిందంటే అప్పుడు ఆర్ఓ కొనండి.

కొంటే వదిలేసే నీళ్లకు దారి ముందే చూసుకోండి. 20 లీటర్లు తాగే నీళ్లకు 50, 60 లీటర్లు బయటికి పోతాయి. వాటిలో ఫ్లోరైడ్ 4 నుంచి 5 పైకి చేరుతుంది. బండలు కడగడానికీ, లెట్రిన్‌కూ వాడండి. బర్రెల తొట్టిలో మాత్రం పోయకండి.