వాడు వేలు పెట్టి చూపించడం లేదన్నావు కదా

తల్లీ,

నిన్న నీతో మాట్లాడాక మనసు మనసులో లేదు, అందుకే రాస్తున్నాను. బుడ్డోడికి 20 నెలలు నిండినా మాటలు రాలేదని నీ టెన్షన్. నాకు మాత్రం నువ్వు మధ్యలో అనేసి వదిలేసిన ఇంకో సంగతి పట్టుకుంది. ఏదైనా కావాలంటే నీ మణికట్టు పట్టుకుని ఫ్రిజ్ దాకా లాక్కెళ్తాడు కానీ నీ మొహం చూడడు, వేలు పెట్టి చూపించడు అన్నావు చూడు, అదీ.

మా మనవడూ అంతే. మారతహళ్లిలో మా మేడ మీదుగా విమానం పోతుంటే పక్కింటి పిల్ల ఏడాదిన్నరకే వేలెత్తి చూపించి, వాళ్లమ్మ కూడా చూసిందా లేదా అని వెనక్కి తిరిగేది. మావాడు పైకి చూసేవాడు, అంతే. ఆ వెనక్కి తిరగడమే అసలు సంగతి. నేను చూసింది నువ్వూ చూడాలి అనే ఆలోచన లోపల మొదలైతేనే మాటకి పని ఉంటుంది. మామూలుగా 18 నెలలకల్లా పిల్లలు ఇలా చూపిస్తారు. పిలిస్తే తిరగకపోవడం కూడా చెప్పావు కాబట్టి ఇక ఆగొద్దు. ఇదంతా ఆటిజమే అని నేననడం లేదు, వినికిడి లోపం కావచ్చు, ఎదుగుదలే మొత్తంగా నెమ్మదిగా ఉండొచ్చు, అది తేల్చాల్సింది డాక్టర్లు. వచ్చిన మాటలు పోయినా, చేసే పనులు మానేసినా మాత్రం ఒక్క వారం కూడా ఆగకూడదు.

మేం ఆగాం. మగపిల్లలు లేటుగా మాట్లాడతారని ఒక డాక్టరు, ఇంట్లో తెలుగు బయట కన్నడ అయ్యేసరికి తికమక పడుతున్నాడని మా వియ్యపురాలు. రెండు భాషల వల్ల ఇలాంటి ఆలస్యం రాదు, మీరు తెలుగు మానేయకండి. అలా అయిదు నెలలు పోయాయి.

ముందు వినికిడి పరీక్ష చేయించు. చిప్స్ ప్యాకెట్ చప్పుడుకి పరిగెత్తుకొస్తాడు కదా అని మేమూ వద్దనుకున్నాం, కానీ చెవిలో నీరు చేరినా, కొన్ని శబ్దాలే వినపడకపోయినా పిల్లలు అలా పరిగెత్తుకొస్తారట. బెరా అనే పరీక్ష నిద్రలో చేస్తారు, కాబట్టి ఆ రోజు పొద్దున్న పెందలాడే లేపి, దారిలో కారులో కునుకు తీయకుండా చూసుకో. మావాడు దారిలో నిద్రపోయాడు, ఇంకో రోజు పోవాల్సి వచ్చింది. దాంతోపాటు పిల్లల డాక్టరుని ఎమ్-చాట్ చేయమని అడుగు, ఆటిజం ఉండే అవకాశం ఉందేమో ముందుగా చూసే ప్రశ్నల పట్టిక అది. 16 నుంచి 30 నెలల పిల్లలకి 20 ప్రశ్నలు, నువ్వే జవాబు చెప్పాలి. ఎక్కువ మార్కులొస్తే జబ్బు ఉన్నట్టు కాదు, లోతుగా చూడాలని అర్థం. బెంగళూరు నిమ్హాన్స్ ఆసుపత్రిలోనూ చిన్నపిల్లలని చూస్తారు. ఏమిటో తేలేదాకా స్పీచ్ థెరపీకి ఆగక్కర్లేదు, అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూస్తూనే మొదలుపెట్టొచ్చు.

థెరపీ అంటే వాళ్లేదో మందు వేసినట్టు చేసి పంపిస్తారనుకున్నాను. వారానికి రెండుసార్లు, ముప్పావుగంట. మిగతా వారమంతా పిల్లాడు మన దగ్గరే కదా! అందుకే మంచి థెరపిస్టు నిన్నూ లోపల కూర్చోబెట్టి నీకు నేర్పిస్తుంది. తలుపేసుకుని, నువ్వు బయట ఫోన్ చూసుకుంటూ కూర్చునే చోటైతే వేరే చోటు చూడు. మూడు నెలల్లో ఏం సాధించాలనుకుంటున్నారో రాసివ్వమను, "మాటలొస్తాయి" అని కాదు, "రోజుకి అయిదుసార్లు కావాలని అడుగుతాడు" అన్నట్టు, లెక్కపెట్టగలిగేలా.

మా కోడలికి నేర్పింది చెప్తాను. లోపల కనపడే సీసాలో జంతికల ముక్కలు వేసి మూత గట్టిగా బిగించాలి. సీసా వాడికిచ్చి, ఎదురుగా, వాడి కళ్ల ఎత్తులో కింద కూర్చోవాలి. వాడు తంటాలు పడి నీ చెయ్యి లాగుతాడు. అప్పుడు "తియ్యి" అని ఒక్కసారి అని, మనసులో అయిదు లెక్కపెట్టి ఆగాలి. వాడు నీ వైపు ఒక్క చూపు చూసినా అడిగినట్టే లెక్క, వెంటనే తీసి ఒక్క ముక్కే ఇవ్వు, మళ్లీ అడగాలి కదా. "చెప్పు, అమ్మా అను" అని వెంటపడకూడదు. ఏడుపు పెద్దదైతే ఇచ్చేసి తర్వాత ఇంకొంచెం సులువుగా చెయ్యి. నాకైతే ఆ అయిదు లెక్కపెట్టడమే కష్టమైంది, చెయ్యి దానంతటదే మూత మీదికి పోయేది.

మొదటి వారం అంతా ఏడుపే. నాలుగో వారానికి సీసా ఇచ్చి మొహం చూడసాగాడు, మూడో నెలలో పై అరలో ఉన్న సీసాకేసి వేలు చూపించాడు. మాటలు ఇంకా ఆలస్యంగా, రెండుంపావు ఏళ్లకి వచ్చాయి. ఆటిజం అని మూడో ఏట తేలింది, ఇప్పుడు యూకేజీ, స్పీచ్ థెరపీ ఇంకా నడుస్తోంది. అందరికీ ఇలాగే అవుతుందని చెప్పలేను, పూర్తిగా నయం చేస్తామని డబ్బు కట్టించుకునేవాళ్ల దగ్గరికి మాత్రం వెళ్లకు.

శనివారం వస్తున్నాను. గట్టి మూత ఉన్న పాత సీసా ఒకటి కడిగి ఉంచు, జంతికలు నేను తెస్తాను.

మీ పెద్దమ్మ